బండి స్టార్ట్ అయింది, మరి బ్యాటరీ సంగతి?

(కారు యజమానుల కోసం ఏర్పాటు చేసిన ఒక సదస్సులో ఆటో ఎలక్ట్రికల్ పని నేర్పే శిక్షకుడు చేసిన ప్రసంగం. సభలోంచి వచ్చిన ప్రశ్నలను కూడా అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. నన్ను పిలిచినవాళ్లు జంప్ స్టార్ట్ గురించి, అంటే ఆగిపోయిన బండిని ఇంకో బండి బ్యాటరీ సాయంతో లేపడం గురించి మాట్లాడమన్నారు. కేబుల్ ఎక్కడ తగిలించాలో చెప్పడానికి అయిదు నిమిషాలు చాలు. తర్వాత జరిగేది చెప్పడానికే నేను ఎక్కువ సమయం తీసుకుంటాను. ఎందుకంటే ఇంజిన్ అందుకోగానే అందరూ కేబుల్ మడిచి డిక్కీలో పడేసి, పని అయిపోయిందనుకుని వెళ్లిపోతారు. బండి స్టార్ట్ అయితే తేలింది ఒక్కటే, బ్యాటరీ ఖాళీగా ఉందని. అది ఎందుకు ఖాళీ అయిందన్నది మాత్రం ఇంకా తేలలేదు.

ముందు అసలు బ్యాటరీయే కారణమో కాదో చూద్దాం. తాళం తిప్పినప్పుడు చప్పుడు వినండి. టకటకటక అని వేగంగా కొట్టుకుంటూ డాష్‌బోర్డు లైట్లు ఆరి వెలుగుతుంటే, దాదాపుగా బ్యాటరీ దిగిపోయినట్టే. ఒకే ఒక్క 'టక్' వినిపించి, లైట్లు మాత్రం కాంతిగా ఉంటే సెల్ఫ్ మోటారునో, దానికి వెళ్లే తీగనో అనుమానించాలి. సెల్ఫ్ హుషారుగా తిరుగుతోంది కానీ ఇంజిన్ అందుకోవడం లేదంటే బ్యాటరీది తప్పు కాదు, జంప్ చేసినా ఉపయోగం ఉండదు. ఇంకొకటి, బానెట్ ఎత్తగానే టెర్మినల్స్ చూడండి. వాటి మీద తెల్లగానో నీలంగానో పొడి పేరుకుందా? చేత్తో తిప్పితే క్లాంపు కదులుతోందా? అలా ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నా కరెంటు బయటికి రాదు. శుభ్రం చేసి బిగిస్తే చాలు, ఎన్నో బండ్లు కేబుల్ లేకుండానే లేచి వెళ్లిపోతాయి.

ఇక జంప్ అసలు చేయకూడని సందర్భాలు. బ్యాటరీ పెట్టె ఉబ్బినా, పగిలినా, ద్రవం కారుతున్నా, కుళ్లిన గుడ్డు వాసన వస్తున్నా చేయకండి. గడ్డకట్టే చలిలో ఉన్నవాళ్లు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. నిండుగా ఛార్జి ఉన్న బ్యాటరీ అంత తేలిగ్గా గడ్డకట్టదు. ఖాళీ అయిన బ్యాటరీలో ఆమ్లం పలచబడి నీటికి దగ్గరగా వస్తుంది కాబట్టి సున్నాకి పది డిగ్రీలు దిగువనే గడ్డకట్టవచ్చు. అలాంటిదానికి కరెంటు ఇస్తే పేలే ప్రమాదం ఉంది. అలాగే 24 వోల్టుల లారీ నుంచి 12 వోల్టుల కారుకి ఎప్పుడూ తగిలించకండి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్ల విషయంలో బండితో వచ్చిన పుస్తకం ఏం చెబితే అదే. చాలావాటిని వేరే బండికి సాయం చేయడానికి వాడొద్దని ఆ పుస్తకంలోనే రాసి ఉంటుంది.

కేబుల్ గురించి ఒక్క మాట. లావుగా కనిపించే కేబులంతా మంచిది కాదు. పైన రబ్బరు లావుగా ఉండి లోపల తీగ సన్నగా ఉన్నవి చాలా దొరుకుతాయి. లెక్క చూడండి. సెల్ఫ్ మోటారు ఓ మామూలు పెట్రోలు కారులో 150 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. 3 మీటర్ల కేబుల్ అంటే ఎరుపు, నలుపు కలిపి 6 మీటర్ల తీగ. అది 16 చదరపు మిల్లీమీటర్ల రాగి అయితే దారిలో పోయేది ఒక వోల్టు. అదే 4 చదరపు మిల్లీమీటర్లయితే దాదాపు 4 వోల్టులు దారిలోనే పోతాయి. పన్నెండులో నాలుగు పోతే మిగిలిన ఎనిమిదితో సెల్ఫ్ ఏం తిరుగుతుంది? తీగ వేడెక్కుతుంది, రబ్బరు కాలిన వాసన వస్తుంది, మనమేమో పక్క బండి బ్యాటరీని తిట్టుకుంటాం. డీజిల్ బండికి ఇంకా ఎక్కువ కరెంటు కావాలి కాబట్టి 25 చదరపు మిల్లీమీటర్లది తీసుకోవడం మేలు.

ఇప్పుడు తగిలించే వరుస. ఇది బట్టీ పడితే టెన్షన్‌లో మరిచిపోతాం. కారణం తెలిస్తే మరవం. అందుకని కారణంతో చెబుతాను.

రెండు బండ్లూ దగ్గరగా పెట్టండి కానీ ఒకదానికొకటి తగలకూడదు. రెండూ ఆపేయండి. గేరు న్యూట్రల్‌లోనో పార్క్‌లోనో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, లైట్లు, ఏసీ, పాటలు అన్నీ కట్టేయండి. చేతి ఉంగరం, లోహపు గడియారం తీసి జేబులో పెట్టుకోండి. కళ్లద్దాలుంటే పెట్టుకోండి. దగ్గర్లో సిగరెట్ వద్దు.

మొదట ఎరుపు క్లిప్పు ఆగిపోయిన బండి ప్లస్‌కి. ఎరుపు రెండో కొస సాయం చేసే బండి ప్లస్‌కి. బండ్లు తగలకూడదని ఎందుకన్నానో ఇక్కడ అర్థమవుతుంది. కారు బాడీ మొత్తం మైనస్‌కి కలిసి ఉంటుంది. రెండు బాడీలూ విడిగా ఉన్నప్పుడు మీ చేతిలోని ఎరుపు కొస జారి అవతలి బండి బాడీకి తగిలినా ఏమీ కాదు, ఎందుకంటే సర్క్యూట్ పూర్తి కాలేదు. బండ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటే, లేదా నలుపు ముందే తగిలించి ఉంటే, అదే కొస తగిలిన చోట నిప్పులు చిమ్ముతుంది. అందుకే ఎరుపు ముందు, నలుపు తర్వాత.

మూడోది నలుపు, సాయం చేసే బండి మైనస్‌కి. నాలుగోది, అంటే చివరిది, ఆగిపోయిన బండి బ్యాటరీ మైనస్‌కి కాదు. ఆ బండి ఇంజిన్ మీద రంగు లేని గట్టి లోహం చూసుకోండి, ఓ లావు బోల్టో, బ్రాకెట్టో. కొన్ని బండ్లలో దీనికోసమే ఎర్త్ పాయింటు ఇస్తారు. బ్యాటరీకి వీలైనంత దూరంగా, ఫ్యాను బెల్టుకి, ఇంధనం పైపుకి దగ్గర కాకుండా తగిలించండి.

ఎందుకంటే సర్క్యూట్ పూర్తయ్యేది ఆ చివరి క్లిప్పు తగిలినప్పుడే. నిప్పురవ్వ వచ్చేదీ అక్కడే. బ్యాటరీ ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వదులుతుంది. గాలిలో అది 4 శాతం చేరితే చాలు, ఒక్క రవ్వతో అంటుకుంటుంది. బ్యాటరీ పేలితే ప్లాస్టిక్ ముక్కలతో పాటు ఆమ్లం మొహం మీదికి వస్తుంది. రవ్వ ఎలాగూ రాక తప్పదు, అది బ్యాటరీకి దూరంగా వచ్చేటట్టు చూసుకోవడమే మన చేతిలో ఉన్న పని. ఒకవేళ కంట్లో ఆమ్లం పడితే వెంటనే ధారగా నీళ్లతో కనీసం పావుగంట కడగాలి, తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

(సభలోంచి ఒకరు: మా బండిలో బ్యాటరీ డిక్కీలో ఉందండీ. ముందు బానెట్ కింద ఎర్ర మూత ఒకటి కనిపిస్తుంది. దానికి తగిలించొచ్చా?)

తగిలించాల్సింది దానికేనండి. బ్యాటరీ డిక్కీలోనో సీటు కిందో పెట్టిన బండ్లలో, జంప్ కోసమనే ముందువైపు ప్లస్ పాయింటు తెచ్చి పెడతారు. మూత తీసి ఎరుపు అక్కడ, నలుపు ఎర్త్ పాయింటుకి. కొత్త బండ్లలో బ్యాటరీ మైనస్ మీద చిన్న సెన్సార్ కూడా ఉంటుంది. లోపలికి వచ్చే కరెంటు, బయటికి పోయే కరెంటు లెక్కపెట్టేది అదే. మీరు సరాసరి మైనస్ టెర్మినల్‌కే నలుపు తగిలిస్తే ఆ లెక్క తప్పుతుంది. చివరి క్లిప్పు దూరంగా పెట్టమనడానికి ఇది రెండో కారణం.

ఇక స్టార్ట్ చేద్దాం. సాయం చేసే బండిని స్టార్ట్ చేసి అయిదు నిమిషాలు అలా నడవనివ్వండి. తొందరపడి వెంటనే సెల్ఫ్ కొట్టకండి. ఆ అయిదు నిమిషాల్లో ఖాళీ బ్యాటరీలోకి కాస్త ఛార్జి ఎక్కుతుంది. అప్పుడు సెల్ఫ్‌కి కావలసిన భారమంతా కేబుల్ మీద పడకుండా ఆ బ్యాటరీ కూడా కొంత మోస్తుంది. తర్వాత ఆగిన బండి సెల్ఫ్ కొట్టండి, అయిదారు సెకన్లకి మించి వద్దు. అందుకోకపోతే ఓ నిమిషం ఆగి మళ్లీ కొట్టండి. మూడు నాలుగు సార్లకీ లేవకపోతే క్లిప్పులు కదిపి లోహానికి బాగా పట్టుకునేలా చూడండి, ఇంకో అయిదు నిమిషాలు ఇవ్వండి. అప్పటికీ లేవకపోతే ఆపేయండి, లోపం వేరే చోట ఉంది.

లేచిందనుకోండి. కేబుల్ తీసే ముందు లేచిన బండిలో బ్లోయర్, వెనక అద్దం హీటరు వేయండి. కేబుల్ ఊడినప్పుడు వోల్టేజి ఒక్కసారి పైకి ఎగరొచ్చు, ఆ పోటుని ఇవి కాస్త మింగుతాయి. తీయడం వచ్చిన దారినే వెనక్కి. ఇంజిన్ మీది నలుపు ముందు, సాయం చేసిన బండి నలుపు తర్వాత, ఆపైన ఆ బండి ఎరుపు, చివరికి లేచిన బండి ఎరుపు. ఒకదానికొకటి క్లిప్పులు తగలనివ్వకండి. ప్లస్, మైనస్ తారుమారు చేస్తే ఏమవుతుందని ఎప్పుడూ ఒకరు అడుగుతారు. అదృష్టం బాగుంటే పెద్ద ఫ్యూజు పోతుంది, బాగోకపోతే డైనమో లోపలి డయోడ్లు, కంప్యూటర్ కూడా పోతాయి. రంగుని నమ్మకండి, బ్యాటరీ మీద చెక్కిన గుర్తు చూసి తగిలించండి.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న అసలు విషయం. బ్యాటరీ ఖాళీ కావడానికి ముగ్గురు అనుమానితులు ఉంటారు. బ్యాటరీ ముసలిదై దాచుకోలేకపోవడం. డైనమో నింపకపోవడం. బండి ఆగి ఉన్నప్పుడు ఏదో ఒకటి దొంగతనంగా కరెంటు తాగుతుండటం. ఈ ముగ్గురిలో ఎవరో తేల్చడానికి ఓ చిన్న మల్టీమీటర్, ఒక రాత్రి చాలు. ఒక బండి కథతో చూద్దాం. అంకెలు మీకు అర్థం కావడానికి నేను కల్పించినవే, కానీ రోజూ షెడ్డుకి వచ్చే బండ్లు ఇలాగే ఉంటాయి.

45 ఆంపియర్ అవర్ బ్యాటరీ, వయసు నాలుగేళ్లు. యజమాని ఊరెళ్లారు, బండి మూడు వారాలు కదల్లేదు. తిరిగొచ్చి తాళం తిప్పితే టకటక. మీటరు పెడితే 11.4 వోల్టులు. నిండు బ్యాటరీ విశ్రాంతిగా ఉన్నప్పుడు 12.6 నుంచి 12.7 చూపాలి. 12.2 అంటే సగం, 12 దగ్గర అంటే పావు వంతే. 11.4 అంటే అడుగంటినట్టే.

మూడు వారాలు ఆగినందుకు అంత దిగిపోవాలా? లెక్క వేద్దాం. తాళం వేసి ఉన్న బండి కూడా అలారం కోసం, కంప్యూటర్ జ్ఞాపకం కోసం కొంచెం కరెంటు తీసుకుంటుంది. 50 మిల్లీ ఆంపియర్ల లోపుంటే మామూలే అంటాం. 50 అనుకుంటే రోజుకి 1.2, ఇరవై ఒక్క రోజులకి 25 ఆంపియర్ అవర్లు. కొత్త బ్యాటరీలో ఇంకా ఇరవై మిగిలుంటాయి, కాస్త నీరసంగానైనా బండి లేచేది. నాలుగేళ్ల బ్యాటరీ మీద 45 అని రాసి ఉన్నా లోపల నిజంగా పట్టేది 30కి పడిపోయి ఉండొచ్చు. అందులోంచి 25 పోతే ఇక మిగిలేదేముంది? కాబట్టి ఇక్కడ అనుమానం బ్యాటరీ మీద ఉంది, కానీ ఇంకా రుజువు కాలేదు.

జంప్ చేశారు, లేచింది. కేబుల్ తీశాక లైట్లు, బ్లోయర్ వేసి, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద మీటరు పెట్టారు. 14.2 వచ్చింది. 13.8కీ 14.7కీ మధ్య ఉంటే డైనమో పని చేస్తున్నట్టే. ఒక అనుమానితుడు నిర్దోషిగా తప్పుకున్నాడు. కొన్ని కొత్త బండ్లు ఇంధనం ఆదా కోసం డైనమోని కావాలని తగ్గించి నడుపుతాయి, అందుకే లైట్లు వేసి చూడమన్నాను. మీటరు 12.5 దగ్గరే ఉండి మెల్లగా దిగుతుంటే, డాష్‌బోర్డు మీద బ్యాటరీ గుర్తు వెలుగుతుంటే, దూరం పోకండి. బ్యాటరీలో ఉన్నంతసేపే నడిచి మధ్య దారిలో ఆగుతుంది.

(మరొకరు: ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ ఊడబెరికితే, బండి ఆగకపోతే డైనమో మంచిదని మా మెకానిక్ చూపించారండీ.)

పాత బండ్ల కాలంలో చేసేవాళ్లండి. ఇప్పుడు చేయకండి. డైనమో నుంచి వచ్చే ఎగుడుదిగుళ్లని సర్దేది బ్యాటరీయే. అది ఒక్కసారిగా తప్పుకుంటే వోల్టేజి చాలా పైకి ఎగిరి, కంప్యూటర్‌ని కాల్చేయగలదు. మీటరు ఉండగా ఆ సాహసం ఎందుకు?

సరే, మన యజమాని అరగంట బండి నడిపి ఇల్లు చేరారు. ఆపి మళ్లీ కొట్టారు, లేచింది. బాగైపోయిందనుకున్నారు. అరగంటలో ఎక్కేది ఎంతో తెలుసా? పది ఆంపియర్ అవర్లు కూడా ఎక్కకపోవచ్చు. బ్యాటరీ నిండే కొద్దీ లోపలికి తీసుకునే కరెంటు తగ్గిపోతుంది. అడుగంటిన బ్యాటరీని నింపడం డైనమోకి అప్పగించే పని కాదు, ఎక్కువ భారంతో అది కూడా వేడెక్కుతుంది. ఖాళీగా వదిలేసిన ప్రతి రోజూ బ్యాటరీ పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడుతూ ఉంటుంది. గట్టిపడ్డ మేరకు ఆ బ్యాటరీ సత్తువ తిరిగి రాదు. కాబట్టి అదే రోజు ఛార్జరు పెట్టాలి. 5 ఆంపియర్ల మామూలు ఛార్జరయితే ఒక రాత్రి పడుతుంది. గాలి తగిలే చోట పెట్టండి.

ఛార్జరు తీయగానే మన బ్యాటరీ 12.9 చూపింది. ఇక్కడే చాలామంది మోసపోతారు. అప్పుడే ఛార్జి అయిన బ్యాటరీ పైపై ఛార్జితో ఎక్కువ చూపిస్తుంది. నలుపు తీగ ఊడదీసి ఓ పన్నెండు గంటలు ఉంచి చూడాలి. తీగ ఊడదీశాం కనుక బండిలో తాగేవాడు ఎవరైనా ఉన్నా ఈ రాత్రికి వాడి ప్రమేయం లేదు. పొద్దున మీటరు 12.3 చూపింది. ఏ తీగా లేకుండా, ఎవరూ తాగకుండా, నిండిన బ్యాటరీ రాత్రికి రాత్రి ఇంత దిగిందంటే తనలోనే కారిపోతోంది. ఇక సందేహం కూడా తీర్చుకోవడానికి తీగ బిగించి, మీటరు టెర్మినల్స్ మీద ఉంచి, ఒకరిని సెల్ఫ్ కొట్టమన్నారు. బండి లేచింది, కానీ ఆ క్షణంలో మీటరు 8.7కి పడింది. ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ అప్పుడు 10 పైన నిలుస్తుంది. 9.6 కంటే దిగితే, అది కూడా నిండా ఛార్జి చేశాక దిగితే, మార్చాల్సిందే. బాగా చలిలో కొంచెం తక్కువ చూపినా పట్టించుకోనక్కర్లేదు.

ఇదే కథలో బ్యాటరీ వయసు ఒక ఏడాది, డిక్కీ లైటు రాత్రంతా వెలిగి దిగిపోయింది అనుకోండి. ఛార్జి చేసి పన్నెండు గంటలు ఉంచాక 12.7, సెల్ఫ్ కొడితే 10.6. దాన్ని మార్చమన్నవాళ్లు మీకు బ్యాటరీ అమ్మాలనుకుంటున్నవాళ్లే. ఒక్కసారి అడుగంటినందుకు దాని ఆయుష్షు కొంత తగ్గుతుంది, అంతే. పదే పదే అడుగంటితే మాత్రం త్వరగానే పోతుంది.

(ఒకరు: ఊడదీసి ఉంచితే నిలుస్తోంది, తగిలిస్తే రెండు మూడు రోజులకే దిగిపోతోంది. అప్పుడు?)

అప్పుడు మూడో అనుమానితుడే. మీటరుని ఆంపియర్ల గుంటలో పెట్టి, నలుపు తీగకీ టెర్మినల్‌కీ మధ్య వరుసలో కలపాలి. తలుపులన్నీ మూసి ముప్పావుగంట ఆగండి, కంప్యూటర్లు నిద్రపోవడానికి అంత సమయం పడుతుంది. మొదట కనిపించే పెద్ద అంకె చూసి కంగారు పడొద్దు. మీటరు అలా ఉండగా తాళం తిప్పకండి, మీటరు ఫ్యూజు పోతుంది. ముప్పావుగంట తర్వాత కూడా 300, 400 మిల్లీ ఆంపియర్లు పోతుంటే ఫ్యూజులు ఒక్కొక్కటీ తీస్తూ ఏది తీస్తే తగ్గిందో చూడాలి. సొంతంగా బిగించిన కెమెరాలు, స్పీకర్ల ఆంప్లిఫయర్లు ఎక్కువసార్లు దొరుకుతాయి. దొంగ దొరక్కుండా కొత్త బ్యాటరీ వేస్తే అది కూడా వారంలో దిగిపోతుంది.

వయసు మాట కూడా చెప్పాలి. సాధారణంగా మూడు నుంచి అయిదేళ్లు. చలిలో బ్యాటరీ ఆగిపోతుంది కాబట్టి చలే శత్రువనుకుంటారు, నిజానికి దాన్ని లోపలినుంచి తినేది వేడి. ఎండలో, వేడి ఇంజిన్ పక్కన గడిపిన బ్యాటరీ తొందరగా పోతుంది. నాలుగేళ్లు దాటి, సెల్ఫ్ పొద్దున పూట బద్ధకంగా తిరుగుతుంటే, ఆగిపోయే దాకా ఎదురు చూడకుండా పన్నెండు గంటలు ఉంచాక ఒకటి, సెల్ఫ్ కొట్టేటప్పుడు ఒకటి, నేను చెప్పిన ఆ రెండు కొలతలూ చేసేయండి.

మార్చేటప్పుడు పాతది ఏ రకమో అదే రకం వేయండి. సిగ్నల్ దగ్గర తనంతట తాను ఇంజిన్ ఆపుకునే బండ్లకి ఏజీఎం, ఈఎఫ్‌బీ అనే ప్రత్యేకమైనవి వస్తాయి. చవకని మామూలుది వేస్తే ఎక్కువ కాలం రాదు. కొన్ని బండ్లలో కొత్త బ్యాటరీ వేసినట్టు కంప్యూటర్‌కి కూడా చెప్పాలి. కొనేటప్పుడు తయారీ తేదీ చూడండి, మీటరు పెట్టి 12.5 దిగువన ఉంటే వేరేది అడగండి. తీసేటప్పుడు నలుపు ముందు, వేసేటప్పుడు ఎరుపు ముందు. నలుపు ముందు ఊడదీస్తే, ఎరుపు నట్టు విప్పేటప్పుడు పానా బాడీకి తగిలినా ఏమీ కాదు. కింద పట్టుకునే బ్రాకెట్ బోల్టు వదులుగా వదలకండి, కుదుపులకి పలకలు లోపల రాలిపోతాయి. పాతదాన్ని దుకాణంలోనే ఇచ్చేయండి, లోపలి సీసం మళ్లీ కరిగించి వాడతారు.